కదిలిన బస్సును అందుకోవాలంటే ఎంత వేగంతో పరుగెత్తాలి?

విజయవాడ బందరు రోడ్డు మీద, పటమట దగ్గర స్టాపు. సిటీ బస్సు ఆగి ఉంది. దాని తలుపుకి మీకు మధ్య ఇంకా పది మీటర్లు ఉండగానే కండక్టరు "రైట్ రైట్" అనేశాడు. పరుగెత్తాలా, వదిలేయాలా? ఈ ప్రశ్నకి కచ్చితమైన జవాబుంది. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సు చదివిన వాళ్లు, ఎంసెట్ కోచింగుకి వెళ్లిన వాళ్లు ఈ లెక్క చేసే ఉంటారు. పుస్తకంలో అయితే బస్సు త్వరణం ఇంత, దూరం ఇంత అని ముందే ఇచ్చేస్తారు. రోడ్డు మీద ఆ రెండూ ఎవరూ చెప్పరు, మనమే కొలుచుకోవాలి. ఎలా కొలవాలో, కొలిచాక మీ పరుగుకి ఎంత దూరం వరకు బస్సు అందుతుందో వరసగా చెప్తాను.

ముందే ఒక మాట. ఇక్కడ "అందుకోవడం" అంటే తలుపు పక్కకి చేరుకోవడం మాత్రమే. కదులుతున్న బస్సెక్కడం వేరే సంగతి, దాని గురించి చివర్లో చెప్తాను.

1. బస్సు ఎంత చురుగ్గా కదులుతుందో కొలవండి

ఆగి ఉన్న బస్సు వేగం సున్నా. కదిలిన దగ్గర్నుంచి సెకను సెకనుకీ ఎంత వేగం పెంచుకుంటుందన్నది మనకి కావాలి. త్వరణం అనేది దాన్నే. దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. బస్సు పొడవే మనకి టేపు.

తొందర లేని రోజు మీరు రోజూ ఎక్కే స్టాపులో ఒక పది నిమిషాలు నిలబడండి. బస్సు వచ్చి ఆగాక దాని ముందు బంపరు దేనికి ఎదురుగా ఉందో చూసుకోండి. కరెంటు స్తంభమో, కొబ్బరిబోండాల బండో, డివైడరు మీది గీతో, ఏదైనా సరే. చక్రం తిరగడం మొదలవగానే స్టాప్‌వాచ్ నొక్కండి. వెనక బంపరు అదే గుర్తు దాటగానే ఆపండి. అంటే బస్సు సరిగ్గా తన పొడవంత దూరం వెళ్లిందన్నమాట. మామూలు పెద్ద బస్సు పొడవు 11 నుంచి 12 మీటర్లు ఉంటుంది. లెక్క సులువుగా ఉండేందుకు 12 అనుకుందాం.

ఆ 12 మీటర్లకి పట్టిన సెకన్లు T అయితే, త్వరణం a ఇలా వస్తుంది:

```
a = 24 ÷ (T × T)
```

బస్సు 5 సెకన్లలో తన పొడవు దాటితే a సుమారు 0.96 వస్తుంది. దాదాపు 1 అనుకోవచ్చు. అంటే సెకనుకి సెకనుకి వేగం సుమారు 1 మీటరు చొప్పున పెరుగుతోంది. 6 సెకన్లు పడితే 0.67. 4 సెకన్లకే దాటితే 1.5, అది బాగా దూకుడుగా లాగిన బస్సు, లోపల నిలబడ్డ వాళ్లు తూలిపోతారు. ఒక్క సెకను తేడాకే త్వరణం ఇంత మారిపోతోంది చూడండి. అందుకే ఒక్క బస్సుని కొలిచి ఊరుకోవద్దు. ఖాళీ బస్సుని ఒకసారి, సాయంత్రం కాలేజీలు వదిలే వేళ ఫుట్‌బోర్డు దాకా నిండిన బస్సుని ఒకసారి కొలవండి. నిండు బస్సు బరువుకి నెమ్మదిగా కదులుతుంది. పైగా జనం నిలబడి ఉంటే డ్రైవరు కూడా చూసి లాగుతాడు.

గేర్ల బస్సుల్లో ఇంకో విషయం గమనించాలి. మొదటి గేరులోంచి రెండో గేరుకి మారేటప్పుడు డ్రైవరు క్లచ్ తొక్కుతాడు. ఇంజను మోత ఒక్కసారి తగ్గుతుంది. ఆ కాసేపూ బస్సు వేగం పెరగదు. మీరు కొలిచిన T లో ఈ ఆలస్యం కూడా కలిసిపోయి ఉంటుంది కాబట్టి దానికి విడిగా లెక్క అక్కర్లేదు. ఎలక్ట్రిక్ బస్సులో ఈ విరామం ఉండదు, ఒకే ఊపున లాగుతుంది. కాబట్టి డీజిల్ బస్సుకి వేసిన లెక్క దానికి వాడొద్దు.

2. దూరం తలుపు వరకు కొలవండి

ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే. బస్సు వెనక భాగం కళ్ల ముందే ఉంటుంది, "ఇదుగో, రెండంగల్లో ఉంది" అనిపిస్తుంది. కానీ మీరు చేరాల్సింది తలుపు దగ్గరికి. తలుపు వెనకవైపు ఉన్న బస్సయితే ఇబ్బంది లేదు. ముందు చక్రం దగ్గర మాత్రమే తలుపున్న బస్సయితే, వెనక బంపరుకి రెండు మీటర్ల దూరంలో ఉన్నా మీ అసలు దూరం పది మీటర్ల పైమాటే. రెండు తలుపులున్న సిటీ బస్సులో ముందు తలుపు దగ్గర ఎక్కాలనుకునే ఆడవాళ్లకి ఈ తేడా ప్రతిసారీ ఎదురవుతుంది. వెనక తలుపు దగ్గరయితే అటే వెళ్లడం మంచిది, లోపలికి వెళ్లాక ముందుకి నడవచ్చు.

కంటితో దూరం అంచనా వేయడం అలవాటు లేకపోతే, మామూలు నడకలో పెద్దవాళ్ల ఒక్కో అడుగు సుమారు 0.7 మీటరు అనుకోండి. పద్నాలుగు అడుగులైతే పది మీటర్లు. రోజూ నడిచే స్టాపే కాబట్టి, "టీ కొట్టు దగ్గర్నుంచి బస్సు తలుపు ఆగే చోటికి ఇన్ని అడుగులు" అని ఒక్కసారి లెక్కపెట్టుకుంటే చాలు.

3. కనీస వేగం

ఇప్పుడు సూత్రం. బట్టీ పట్టడం కన్నా అర్థం చేసుకుంటే ఎప్పటికీ మర్చిపోరు.

మీరు ఒకే వేగంతో పరుగెడుతున్నారు. బస్సు సున్నా నుంచి మొదలై వేగం పెంచుకుంటూ పోతోంది. మొదట్లో మీరే వేగం, మధ్యలో ఖాళీ తగ్గుతుంది. ఎప్పుడో ఒకప్పుడు బస్సు వేగం మీ వేగంతో సమానమవుతుంది, ఆ తర్వాత ఖాళీ పెరగడమే గానీ తగ్గదు. కాబట్టి అందుకోవాలంటే ఆ సమానమయ్యే క్షణంలోపే తలుపు దగ్గరుండాలి. సరిగ్గా ఆ క్షణానికి చేరితే అదే కనీస వేగం.

ఆ క్షణం వరకు బస్సు సున్నా నుంచి మీ వేగం దాకా వచ్చింది కాబట్టి దాని సగటు వేగం మీ వేగంలో సగం. అదే సమయంలో మీరు బస్సుకి రెట్టింపు దూరం వెళ్లి ఉంటారు. ఆ తేడాయే మొదట్లో మీకూ తలుపుకీ మధ్య ఉన్న దూరం, దాన్ని d అందాం. అంటే బస్సు d దూరం వెళ్తుంది, మీరు 2d పరుగెత్తాలి. పది మీటర్ల ముందున్న బస్సు కోసం ఇరవై మీటర్లు పరుగెత్తాలన్నమాట. మీకు కావలసిన కనీస వేగం v అయితే, దీన్నుంచి వచ్చే సూత్రం:

```
v = √(2 × a × d)
```

a = 1, d = 10 అయితే v = √20, అంటే సెకనుకి 4.47 మీటర్లు. గంటకి 16 కిలోమీటర్లు. వినడానికి పెద్ద వేగం కాదు. కుర్రవాళ్లు భుజాన సంచితో కూడా ఈ వేగం అందుకుంటారు. దూరం నాలుగు రెట్లయి 40 మీటర్లు ఉంటే కావలసిన వేగం రెట్టింపవుతుంది, సెకనుకి 8.94 మీటర్లు. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో వంద మీటర్లు పరుగెత్తినప్పుడు సగటు వేగం సెకనుకి 10.44 మీటర్లు. కాబట్టి 40 మీటర్ల దూరంలో, ఖాళీ రోడ్డు మీద బస్సు కదిలిందంటే పరుగు మొదలెట్టనే వద్దు.

4. మీ వేగంతో పాటు మీ ఆలస్యాన్నీ కొలవండి

పై సూత్రం ప్రకారం కండక్టరు ఈల వేసిన క్షణానికే మీరు పూర్తి వేగంలో ఉండాలి. ఏ మనిషికీ అది సాధ్యం కాదు. బస్సు కదిలిందని గ్రహించడానికి కొంత, నిలబడ్డ చోటి నుంచి వేగం పుంజుకోవడానికి కొంత సమయం పోతుంది. అసలు ఫలితాన్ని తేల్చేది ఈ పోయిన సమయమే.

దీన్ని కొలవడానికి ఒక చిన్న పని చేయండి. విజయవాడలో అయితే ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం, గుంటూరులో అయితే బీఆర్ స్టేడియం, లేదంటే మీ వీధిలోనే వాహనాలు రాని చోటు. 20 మీటర్ల దగ్గర ఒక గీత, 40 మీటర్ల దగ్గర ఇంకో గీత గీయండి. రోజూ వేసుకునే చెప్పులే, రోజూ మోసే సంచే ఉండాలి. స్పోర్ట్స్ షూతో కొలిస్తే ఆ లెక్క స్టాపులో పనికిరాదు. నిలబడ్డ చోటి నుంచి పరుగు మొదలుపెట్టి, రెండు గీతలు దాటిన సమయాలూ ఎవరిచేతనైనా చూడమనండి.

ఉదాహరణకి 20 మీటర్లకి 5 సెకన్లు, 40 మీటర్లకి 9 సెకన్లు పట్టాయనుకుందాం. రెండో 20 మీటర్లు 4 సెకన్లలో పూర్తయ్యాయి కాబట్టి మీ నిలకడ వేగం సెకనుకి 5 మీటర్లు. మొదటి 20 మీటర్లకి కూడా ఆ వేగంతోనే అయితే 4 సెకన్లే పట్టాలి, 5 పట్టాయి. అంటే వేగం పుంజుకోవడంలో ఒక సెకను పోయింది. బస్సు కదలడం చూసి కాలు కదిపేలోపు ఇంకో అర సెకను కలపండి. మొత్తం ఆలస్యం ఒకటిన్నర సెకను.

ఆలస్యమైన ప్రతి సెకనూ మీ వేగమంత దూరాన్ని మింగేస్తుంది. సెకనుకి 5 మీటర్ల వేగం ఉన్న మనిషికి ఒకటిన్నర సెకను ఆలస్యమంటే 7.5 మీటర్లు అదనంగా వెనకబడ్డట్టే. కాబట్టి మీకు అందే గరిష్ట దూరం ఇలా తేలుతుంది:

```
d = (v × v) ÷ (2 × a) − (v × ఆలస్యం)
```

ఒక్కసారి ఇంట్లో కూర్చుని లెక్కేసి పెట్టుకోవాల్సిన అంకె ఇదొక్కటే. రోడ్డు మీద వర్గమూలాలు తియ్యనక్కర్లేదు. "నా హద్దు ఇన్ని మీటర్లు" అని గుర్తుంటే చాలు.

5. పటమట స్టాపుకి తిరిగి వద్దాం

దూరం 10 మీటర్లు. మీ వేగం సెకనుకి 5 మీటర్లు, ఆలస్యం ఒకటిన్నర సెకను.

మొదట నిండు బస్సు తీసుకుందాం. తన పొడవు దాటడానికి 6 సెకన్లు పట్టేది, a = 0.67. పై లెక్క వేస్తే 18.75 లోంచి 7.5 పోతే 11.25 మీటర్లు. మీరు పది మీటర్లలోనే ఉన్నారు కాబట్టి అందుతుంది. బస్సు కదిలిన ఐదున్నర సెకన్లకి తలుపు పక్కకి చేరతారు. అప్పటికి బస్సు సుమారు 10 మీటర్లు కదిలి ఉంటుంది, మీరు 20 మీటర్లు పరుగెత్తి ఉంటారు. ఆ క్షణాన బస్సు వేగం గంటకి సుమారు 13 కిలోమీటర్లు. అదే పరుగు కొనసాగిస్తే ఇంకో నాలుగు సెకన్లలోపే బస్సు మళ్లీ మిమ్మల్ని దాటి ముందుకెళ్లిపోతుంది. అంటే కండక్టరుకి కనబడటానికి, "అన్నా, ఆపన్నా" అని అరవడానికి మీకున్న సమయం ఆ కాసేపే.

ఇప్పుడు అదే చోట, అదే మీరు, బస్సు మాత్రం 5 సెకన్లది. a = 0.96. హద్దు 13 లోంచి 7.5 పోతే 5.5 మీటర్లు. మీరున్నది పది మీటర్ల దూరంలో. ఎంత పరుగెత్తినా తలుపుకి నాలుగున్నర మీటర్ల దగ్గరికి మించి వెళ్లలేరు. బయటి నుంచి చూస్తే రెండు బస్సులూ ఒకలాగే కదిలినట్టుంటాయి, తేడా ఒక్క సెకనే. ఒకటి అందింది, ఒకటి అందలేదు.

సంచి బరువు వల్ల వేగం 5 నుంచి 4కి పడితే? నెమ్మదిగా కదిలే మొదటి బస్సుకి కూడా హద్దు 12 లోంచి 6 పోయి ఆరు మీటర్లకి దిగిపోతుంది. వేగం అయిదో వంతు తగ్గితే అందే దూరం దాదాపు సగమైంది. బియ్యం మూటతోనో, చంటిబిడ్డతోనో ఉన్నప్పుడు పరుగు ఆలోచనే పెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఈ అంకె చూసే.

6. పరుగు మధ్యలో ఎలా తెలుస్తుంది

కొత్త స్టాపు, కొత్త బస్సు, కొలతలేమీ లేవు. పరుగు మొదలుపెట్టేశారు. అప్పుడు చూడాల్సింది ఒక్కటే: మీకూ తలుపుకీ మధ్య ఖాళీ ఇంకా తగ్గుతోందా?

తలుపు పక్కన ఉండే కడ్డీని చూస్తూ పరుగెత్తండి. ఖాళీ తగ్గుతున్నంత సేపు బస్సు మీకన్నా నెమ్మదిగా ఉన్నట్టు. తగ్గడం ఆగిపోయి ఖాళీ అలాగే ఉండిపోయిందంటే రెండు వేగాలూ సమానమయ్యాయి. అదే మీరు వెళ్లగలిగిన అతి దగ్గర. అక్కడే ఆగిపోండి.

అక్కడ ఆగడం కష్టమే. ఎందుకంటే బస్సు అప్పుడే చాలా దగ్గరగా ఉంటుంది. ఆలస్యం లేని లెక్కలో, పది మీటర్ల దూరం నుంచి సెకనుకి 4 మీటర్లతో పరుగెత్తిన మనిషికి a = 1 ఉన్న బస్సు నాలుగో సెకనులో సరిగ్గా రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. చెయ్యి చాస్తే కడ్డీ తగిలేట్టే ఉంటుంది. ఇంకొంచెం ఊపిరి బిగబడితే అందుతుందనిపిస్తుంది. పడిపోయే వాళ్లు ఎక్కువగా ఇక్కడే, ముందుకి వంగి చెయ్యి చాచే ఆ ఒక్క అడుగులోనే పడతారు. నిజానికి ఆ క్షణం నుంచి బస్సు దూరమవుతూ పోతుంది.

దీనికి ఒక్క మినహాయింపుంది. ఇంజను మోత తగ్గి గేరు మారుతున్నట్టు వినబడితే, లేదా ముందు ఆటోయో స్పీడ్ బ్రేకరో కనబడితే బస్సు మళ్లీ నెమ్మదిస్తుంది. అప్పుడు ఒక సెకనో రెండు సెకన్లో కొనసాగించడంలో అర్థముంది. సిటీలో మనం అందుకున్న బస్సుల్లో చాలావరకు ఇలా అందినవే.

7. తలుపు దగ్గరికి చేరాక

కండక్టరు చూసి ఈల వేసి, బస్సు పూర్తిగా ఆగితేనే ఎక్కండి. కదులుతుండగా కడ్డీ పట్టుకోవద్దు. కారణం కూడా పై లెక్కలోనే ఉంది. మీరు చేరిన క్షణంలో బస్సు వేగం మీ వేగానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పట్టుకోవడం తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ మరుసటి సెకనుకే బస్సు ఇంకా వేగం పెంచుకుంటుంది, మీ కాళ్లు పెంచుకోలేవు. చెయ్యి బస్సుతో పోతుంది, కాళ్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి, చక్రాలు పక్కనే ఉంటాయి. ఫుట్‌బోర్డు మీద ప్రయాణించడం 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ ప్రకారం నిషేధం కూడా.

పరుగెత్తేటప్పుడు బస్సుకి మరీ ఆనుకుని కాకుండా, ఎడమవైపు ఒకటిన్నర మీటరు ఎడంగా ఉండండి. డ్రైవరు ఎడమ అద్దం మీకు కనబడుతోందంటే ఆయనకీ మీరు కనబడే అవకాశముంది. బస్సు వెనకాల సూటిగా పరుగెత్తితే ఏ అద్దంలోనూ కనబడరు, ఎంత వేగంగా వచ్చినా బస్సు ఆగదు. అరుపు కూడా కదిలిన మొదటి రెండు సెకన్లలోనే వెయ్యండి. ఇంజను మోత పెరిగాక అద్దాలన్నీ మూసిన బస్సులో అది వినబడదు.

8. బస్టాండు లోపలయితే

పండిట్ నెహ్రూ బస్టాండులో లెక్క మారుతుంది. ప్లాట్‌ఫారానికి ముఖం పెట్టి ఆగిన బస్సు ముందు వెనక్కి రావాలి, తర్వాత మలుపు తిరగాలి, అప్పుడు గేటు వైపు కదలాలి. వెనక్కి వచ్చే సమయమంతా మీకు దొరికినదే. బస్సు ముందుకి కదిలే ముందు ఒక్క క్షణం పూర్తిగా ఆగుతుంది, ఆ చోటి నుంచే దూరం లెక్కపెట్టండి.

ఆవరణలో బస్సు వేగం పెంచుకుంటూ పోదు, జనం మధ్య ఒకే తీరున నెమ్మదిగా వెళ్తుంది. అది గంటకి 10 కిలోమీటర్లు, అంటే సెకనుకి 2.8 మీటర్లు అనుకుందాం. ఇక్కడ వర్గమూలం సూత్రం వర్తించదు. దాని వేగం కన్నా మీది ఎక్కువైతే ఎప్పటికైనా అందుతుంది. సెకనుకి 4 మీటర్లతో పరుగెత్తితే ప్రతి సెకనూ 1.2 మీటర్ల ఖాళీ పూడుతుంది. 12 మీటర్ల దూరానికి 10 సెకన్లు, 40 మీటర్ల పరుగు. గేటు అంతకన్నా దూరంగా ఉందా లేదా అన్నది ఒక్కటే చూసుకోవాలి. గేటు దాటి రోడ్డెక్కితే మళ్లీ త్వరణం లెక్కే.

ఒక్కటి మాత్రం ఏ తొందరలోనూ చేయొద్దు. వెనక్కి వస్తున్న బస్సు వెనక నుంచి అడ్డంగా దాటొద్దు. డ్రైవరు కండక్టరు ఈలనీ, పక్క అద్దాలనీ నమ్ముకుని వెనక్కి తీస్తాడు, వెనకాల నడిమధ్యలో ఉన్న మనిషి ఆయనకి ఏ అద్దంలోనూ కనబడడు. ప్లాట్‌ఫారం మీదే తలుపు వైపుకి చుట్టి వెళ్లండి. నాలుగడుగులు ఎక్కువైనా, వెనక్కి తీసేందుకు పట్టే సమయం వాటికి సరిపోతుంది.